వరి మడిలో వేసిన శనగకు బుడిపెలు ఎందుకు రాలేదు: ఒక చేను కేసు

నంద్యాల వైపు కె.సి. కాలువ కింద రెండెకరాల నల్లరేగడి మడి. పదిహేనేళ్లుగా అందులో వరి తప్ప వేరే పంట వేయలేదు. ఆ ఏడు రెండో కారుకి నీళ్లు రావని తెలిసి, వరి కోసిన వెంటనే నవంబర్ ఆఖరున రైతు JG 11 శనగ విత్తాడు. ఎకరానికి ఒక బస్తా డీఏపీ వేశాడు, వేళ్లకి బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా మందు, అదే రైజోబియం కల్చర్, విత్తనానికి పట్టించాడు కూడా. నలభై రోజులకి చేను పసుపు బారింది. గట్టు అవతల కాస్త ఎత్తులో, కాలువ నీళ్లు ఎక్కని చేనులో, అదే రకం, అదే డీఏపీ, కల్చర్ ఊసే లేకుండా వేసిన శనగ మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. "మందు పట్టించిన నాది ఎండిపోతోంది, ఏమీ పట్టించని వాడిది బాగుంది, ఇదేంది సార్?" అని రైతు అడిగాడు. ఈ కేసులో నేను జవాబు వెతికింది ఆ ఒక్క ప్రశ్నకే. సాయిల్ మైక్రోబయాలజీ చదివేవాళ్లకి ఇది వివరంగా రాయడానికి కారణం ఉంది. పుస్తకంలో ఒక బొమ్మగా గీసే ప్రక్రియ చేలో ఎక్కడ తెగిపోయిందో వెతికి పట్టుకోవడం ఎలాగో ఇందులో దశలవారీగా కనిపిస్తుంది.

శనగ పసుపు బారగానే నత్రజని లోపం అనేయకూడదు. మన సున్నపు నల్లరేగళ్లలో ఇనుము లోపం కూడా మామూలే. అప్పుడు పసుపు లేత ఆకుల్లో, కొసల్లో మొదలవుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నత్రజని తగ్గితే మొక్క ముదురు ఆకుల నుంచి లాగి లేత ఆకులకి పంపుకుంటుంది కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఈ చేలో కింది ఆకులే పసుపు, కొసలు లేత పచ్చ. అయినా కంటిచూపు మీదే ఆధారపడకుండా రెండు చిన్న ముక్కలు కట్టాం. ఒకదాని మీద లీటరుకి 20 గ్రాముల యూరియా, రెండోదాని మీద లీటరుకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేశాం. వారం తిరిగేసరికి యూరియా ముక్క తేరుకుంది, అన్నభేది ముక్కలో మార్పు లేదు. కొరత నత్రజనిదే అని తేలింది. ఇక వేరు దగ్గర ఏం జరిగిందో చూడాలి.

ఇక్కడ చాలామంది మొక్కని చేత్తో పీకేస్తారు. నల్లరేగడిలో అలా పీకితే బుడిపెలన్నీ మట్టిలోనే ఉండిపోతాయి, చేతిలో ఉత్త తల్లివేరు మిగులుతుంది, చూసినవాళ్లు "బుడిపెలు లేవు" అని రాసేస్తారు. మేం పారతో మొక్క చుట్టూ జానెడు వదిలి, జానెడు లోతు గడ్డతో సహా పెకలించి, బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, మట్టిని దానంతట అదే జారిపోనిచ్చాం. చేనంతా తిరిగి పది మొక్కలు, గట్టు అవతల చేలో పది మొక్కలు తీశాం.

పక్క చేను మొక్కల్లో ఇరవై దాకా బుడిపెలున్నాయి. శనగ బుడిపె పెసరలో, అలసందలో లాగా గుండ్రంగా ఉండిపోదు. దాని కొన ఎదుగుతూనే ఉంటుంది, కొమ్మలు వేస్తుంది, పాతబడ్డాక చిన్న పగడపు ముక్కలా, ముడిచిన పిడికిలిలా కనిపిస్తుంది. బ్లేడుతో నిలువునా కోస్తే కొనలో తెల్లటి చుక్క, అది ఎదిగే కణజాలం. దాని వెనక చాలా మేర గులాబీ ఎరుపు. వేరుకి అంటుకున్న మొదలు దగ్గర, ముదిరిన వాటిలో కొంచెం పచ్చ. పనంతా జరిగేది ఆ ఎర్రటి భాగంలోనే.

మన కేసు చేలో పదిలో ఎనిమిది మొక్కలకి ఒక్క బుడిపె కూడా లేదు. మిగిలిన రెంటికి రెండు మూడేసి ఉన్నాయి, అవి కూడా తల్లివేరు మీద కాదు, పక్కవేర్ల మీద కాండానికి దూరంగా ఉన్నాయి. నాతో వచ్చిన విద్యార్థిని ఎనిమిది సున్నాలూ రాసుకుని పుస్తకం మూసేయబోయింది. ఆగమని చెప్పి ఆ అరడజను బుడిపెల్నే అరచేతిలో పెట్టుకుని చూశాం. పక్క చేను బుడిపెల కన్నా అవి పెద్దవి, ఒకటైతే చిటికెన వేలి గోరంత ఉంది. కోస్తే లోపల ముదురు ఎరుపు.

ఈ కేసులో ముఖ్యమైన ఆధారం ఆ ఎరుపే. ఎందుకో చెప్పాలంటే బుడిపె లోపల జరిగేది కొంచెం చెప్పుకోవాలి.

గాలిలోని నత్రజని అణువుని విడగొట్టే ఎంజైమ్ నైట్రోజినేజ్. అది బ్యాక్టీరియా దగ్గరే ఉంది, మొక్క దగ్గర లేదు. లెక్క ఇలా ఉంటుంది:

N₂ + 8H⁺ + 8e⁻ + 16ATP → 2NH₃ + H₂ + 16ADP + 16Pi

ఒక్క అణువుకి పదహారు ఏటీపీలు. అంత శక్తి కావాలంటే బ్యాక్టీరియా బాగా శ్వాసించాలి, దానికి ఆక్సిజన్ కావాలి. కానీ ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది, మళ్లీ కోలుకోదు. ఈ చిక్కుని తీర్చేది లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌కి చుట్టం. అది ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని, విడిగా తిరిగే ఆక్సిజన్‌ని అతి తక్కువ స్థాయిలో ఉంచుతూనే, బ్యాక్టీరియాకి కావలసినంత చేరవేస్తూ ఉంటుంది. కోసినప్పుడు కనిపించే ఎరుపు దానిదే. లోపల తెల్లగా ఉందంటే బుడిపె కట్టింది కానీ పని మొదలవలేదు, లేదా పని రాని బ్యాక్టీరియా లోపల చేరింది. మొత్తం పచ్చబడిందంటే లెగ్‌హిమోగ్లోబిన్ విరిగిపోయి బుడిపె ముసలిదైపోయింది. అందుకే నేను బుడిపెలు లెక్కపెట్టడం కన్నా కోసి చూడటానికే ఎక్కువ విలువ ఇస్తాను. ముప్పై తెల్లటివి ఉండి పసుపు బారిన మొక్కల్నీ చూశాను, ఐదు ఎర్రటి వాటితో పచ్చగా నిలబడ్డ మొక్కల్నీ చూశాను.

ఇప్పుడు ఆ అరడజను బుడిపెల దగ్గరికి వద్దాం. అవి ఎర్రగా, పెద్దగా ఉన్నాయంటే ఈ నేలలో ఈ రకం శనగ బుడిపె కట్టగలదు, కట్టిన బుడిపె పని చేయగలదు. భాస్వరం లోపం, మాలిబ్డినం లోపం, చౌడు లాంటి వాటి వల్ల ప్రక్రియ ఆగిపోయి ఉంటే ఈ ఆరు కూడా తెల్లగానో పిడచకట్టుకుపోయో ఉండాలి. నేలలో నత్రజని ఎక్కువై మొక్క బుడిపెల్ని వద్దనుకుందా అంటే, చేనే నత్రజని లేక పసుపు బారింది. మొక్క కావాలనే అనుకుంది, దొరికిన రెండు మూడు బుడిపెల్నే పెంచి పెద్దవి చేసుకుంది. బుడిపెలు తక్కువైనప్పుడు శనగ ఇలాగే చేస్తుంది. కాబట్టి మొక్కలో లోపం లేదు, నేల రసాయనంలో లోపం లేదు. సరైన బ్యాక్టీరియా వేరుకి అందలేదు. ఇంకో సంగతి, విత్తనానికి పట్టించిన బ్యాక్టీరియా పని చేస్తే బుడిపెలు తల్లివేరు పై భాగంలో, గింజ పడ్డ చోటికి దగ్గరగా గుత్తిగా రావాలి. దూరంగా పక్కవేర్ల మీద చెదురుమదురుగా వచ్చినవి నేలలో అంతకుముందే ఉన్న బ్యాక్టీరియావి. అంటే కల్చర్ అసలు పని చేయలేదు.

దాంతో ప్రశ్న రెండుగా చీలింది. నేలలో శనగ బ్యాక్టీరియా ఎందుకు లేదు? పట్టించినది ఏమైంది?

మొదటిదానికి మట్టిలో లెక్కపెట్టాలి. ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. మట్టి నుంచి నేరుగా ప్లేటు మీద పోసి శనగ రైజోబియం ఎంతుందో చెప్పలేం, ఎన్నో రకాల బ్యాక్టీరియా పెరుగుతాయి, వాటిలో ఏది శనగలోకి వెళ్లగలదో కాలనీ చూసి తెలియదు. అందుకని మొక్కనే పరికరంగా వాడతాం. పెద్ద టెస్ట్‌ట్యూబుల్లో ఇసుక నింపి ఆటోక్లేవ్ చేసి, నత్రజని లేని పోషక ద్రావణం పోసి, శుద్ధి చేసిన శనగ మొలకలు నాటాం. పది గ్రాముల మట్టిని నీళ్లలో కలిపి పదేసి రెట్లు పలుచన చేస్తూ పోయి, ప్రతి పలుచన నుంచి ఒక్కో మిల్లీలీటరు మూడేసి ట్యూబులకి ఇచ్చాం. మట్టి ఏమీ ఇవ్వని ట్యూబులు కూడా మూడు పెట్టాం. వాటికి బుడిపె వస్తే మొత్తం పరీక్ష పారేయాల్సిందే, ఎక్కడో కలుషితం అయిందన్నమాట. నెల దాటాక వేళ్లు కడిగి బుడిపె ఉందా లేదా అని మాత్రమే చూశాం, ఎన్ని అన్నది ఇక్కడ అనవసరం.

పక్క చేను మట్టి 10⁻⁴ పలుచనలో కూడా మూడు ట్యూబులకి మూడింటా బుడిపెలు తెచ్చింది, 10⁻⁵ లో రాలేదు. ఏ పలుచనలో ఎన్ని ట్యూబులకి బుడిపెలు వచ్చాయో చూసి సంఖ్య అంచనా కట్టే ఎంపీఎన్ పట్టిక ప్రకారం గ్రాము మట్టికి సుమారు 23 వేలు. వరి మడి మట్టి 10⁻¹ లో మూడింట ఒక్క ట్యూబుకి మాత్రమే తెచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. గ్రాముకి నాలుగు కూడా లేవు. మూడేసి ట్యూబులతో చేసే ఈ లెక్కకి ఖచ్చితత్వం తక్కువ, నిజం అంకె దీనికి నాలుగైదు రెట్లు అటూ ఇటూ ఉండొచ్చు. కానీ నాలుగుకీ ఇరవై మూడు వేలకీ మధ్య తేడాని ఆ తప్పు మింగేయలేదు.

వరి మడిలో ఇలా తగ్గిపోవడం కొత్త సంగతేమీ కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు 1980ల్లోనే వరి వేసే మళ్లలో శనగ రైజోబియం బాగా తక్కువగా ఉండటం గమనించారు. నెలల తరబడి నీళ్లు నిలబడి మట్టిలో గాలి ఆడదు, పైగా ఏళ్ల తరబడి దానికి ఆశ్రయమిచ్చే మొక్క రాదు. శనగ వేసిన చేలో అయితే ప్రతి ఏడూ బుడిపెలు కుళ్లినప్పుడు లక్షల కొద్దీ మళ్లీ మట్టిలోకి వస్తాయి, గట్టు అవతల రైతుకి కల్చర్ అవసరం లేకపోయింది అందుకే.

ఇక రెండో ప్రశ్న. కల్చర్ పని చేయలేదనగానే అందరం ఒకటే అనుకుంటాం, ఎండలో పెట్టుంటాడు, శిలీంధ్రనాశకంతో కలిపుంటాడు, చచ్చిపోయుంటుంది అని. నేనూ అదే అనుకున్నాను. అడిగితే రైతు చేసినదంతా పద్ధతిగానే ఉంది. బెల్లం నీళ్లతో పట్టించి, నీడన ఆరబెట్టి, అదే సాయంత్రం గొర్రుతో విత్తాడు, విత్తన మందు వాడలేదు. ఏడు పాకెట్లు కొంటే ఆరు వాడాడు, ఒకటి మిగిలింది. ఇంట్లో నీళ్ల కుండ పక్కన చల్లగా పెట్టిన ఆ పాకెట్ తెచ్చిచ్చాడు, గడువు ఇంకా ఉంది. ఆ మిగిలిన పాకెట్ లేకపోతే ఈ కేసు సగంలోనే ఆగిపోయేది.

కాంగో రెడ్ కలిపిన యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మానిటాల్ అగార్ మీద పలుచన చేసి పోశాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకి కనీసం 5 కోట్ల బ్రతికిన కణాలు ఉండాలి. ఇందులో అంతకన్నా ఎక్కువే ఉన్నాయి, కాలనీలు రంగు పీల్చని తెల్లటివి, రైజోబియంకి ఉండాల్సినట్టే ఉన్నాయి. బ్రతికున్న కణాల లెక్క చూస్తే విత్తనానికి కూడా లోటు లేదు. 200 గ్రాముల పాకెట్‌కి కనీస లెక్కన వెయ్యి కోట్ల కణాలు. ఒక పాకెట్ పట్టించే పది కిలోల JG 11 లో వంద గింజలకి 22 గ్రాముల చొప్పున సుమారు 45 వేల గింజలు. గింజకి రెండు లక్షలకి పైగా. ఆరబెట్టేటప్పుడు, మట్టిలో పడ్డాక నూటికి తొంభై తొమ్మిది చచ్చినా గింజకి రెండు వేలు మిగులుతాయి, బుడిపె కట్టడానికి అవి చాలు.

అంతా బాగుంది, అయినా పని చేయలేదు. ఆ ప్లేట్లలో నాకు తేడాగా అనిపించింది ఒక్కటే, కాలనీలు చాలా నెమ్మదిగా వచ్చాయి. మూడో రోజు చూస్తే ఏమీ లేదు, వారానికి సూది మొనంత తేలాయి. శనగలోకి వెళ్లే మీసోరైజోబియం అయితే నాలుగైదు రోజులకే కనిపించాలి. అప్పుడు కాంగో రెడ్ బదులు బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన ప్లేటు మీద గీశాం. మొదట ఆ మాధ్యమం ఆకుపచ్చగా ఉంటుంది. మీసోరైజోబియం పెరుగుతూ ఆమ్లం వదిలి దాన్ని పసుపు చేస్తుంది. వేరుశనగ, అలసంద, కంది వేళ్లలో ఉండే బ్రాడీరైజోబియం క్షారం వైపు తీసుకెళ్లి నీలం చేస్తుంది. ఎనిమిదో రోజు పొద్దున ఇంక్యుబేటర్ తీస్తే ప్లేటు నీలంగా ఉంది. పక్కనే పోలికకి పెట్టిన శనగ స్ట్రెయిన్ ప్లేటు ఎప్పుడో పసుపు బారింది.

రంగు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. ఆ కల్చర్‌నే శుద్ధి చేసిన ఇసుకలో శనగ మొలకలకీ అలసంద మొలకలకీ ఇచ్చాం. మూడు నాలుగు వారాలకి అలసంద వేళ్ల నిండా గుండ్రటి బుడిపెలు, కోస్తే ఎరుపు. శనగకి ఒక్కటీ లేదు. పాకెట్ మీద "పప్పుధాన్యాలకు" అని మాత్రమే ఉంది, ఏ పప్పుకో రాయలేదు. ఆ ఉత్తర్వు ప్రకారం పాకెట్ మీద రాసిన ప్రతి పంటలోనూ అది పని చేసే బుడిపెలు తేవాలి. లోపల ఉన్నది బ్రతికే ఉంది, ఆరోగ్యంగా ఉంది, కాకపోతే అది శనగది కాదు.

ఎందుకు కుదరదో కూడా చెప్పుకోవాలి. శనగ వేరు మట్టిలోకి ఫ్లేవనాయిడ్లు వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బ్యాక్టీరియా తన నాడ్ జన్యువుల్ని మేల్కొలిపి, బదులుగా నాడ్ ఫ్యాక్టర్ అనే అణువుని పంపుతుంది. చక్కెర లాంటి నాలుగైదు ముక్కల గొలుసు, దానికి ఒక చివర కొవ్వు తోక, అక్కడక్కడ చిన్న రసాయన గుంపులు. ఈ తోక, ఈ గుంపులు ఒక్కో రైజోబియంకి ఒక్కో రకంగా ఉంటాయి. వేరు వెంట్రుక మీద ఉన్న గ్రాహకాలు ఆ తేడాని పసిగడతాయి. తెలిసిన గొంతు వినపడితేనే తలుపు తీసే ఇల్లు లాంటిది శనగ. గొంతు కలిస్తే వేరు వెంట్రుక మెలి తిరిగి బ్యాక్టీరియాని చుట్టేస్తుంది, లోపలికి ఒక సన్నటి గొట్టం కట్టి దారి ఇస్తుంది, ఆ దారి చేరేలోపే లోపలి కణాలు విభజన మొదలుపెట్టి బుడిపెకి పునాది వేస్తాయి. కలవకపోతే వెంట్రుక మెలి కూడా తిరగదు. ఈ విషయంలో శనగ మహా పట్టుదల మనిషి, మీసోరైజోబియంలో కొన్ని జాతులకే లొంగుతుంది. అలసంద, పెసర, వేరుశనగ చాలా ఉదారంగా ఎన్నో రకాల బ్రాడీరైజోబియాన్ని రానిస్తాయి. వేరుశనగలో అయితే బ్యాక్టీరియా వెంట్రుక గుండా కాకుండా పక్కవేరు పుట్టే చోట ఏర్పడే చీలికలోంచే దూరిపోతుంది. మన నేలల్లో బ్రాడీరైజోబియం ఎక్కడైనా ఉంటుంది కాబట్టి వేరుశనగ రైతుకి తప్పు పాకెట్ ఇచ్చినా తేడా తెలియదు. శనగ రైతుకి మాత్రం నలభై రోజులకి తెలిసిపోతుంది.

ఆ ఏటి పంట సంగతి. నలభై రోజుల మొక్కకి అప్పుడు కల్చర్ ఇచ్చి లాభం లేదు. బుడిపెలు లేని శనగ అంటే జొన్న లాంటిదే, నత్రజని పైనుంచి ఇవ్వాలి. కాలువలో మిగిలిన నీటితో పలుచగా ఒక తడి ఇప్పించి ఎకరానికి 25 కిలోల యూరియా వేయించాం. నల్లరేగడిలో శనగకి నీళ్లు నిలిస్తే వేరు ఊపిరాడక చస్తుంది కాబట్టి తడి విషయంలో రైతుతో పాటు మేమూ గట్టు మీదే ఉన్నాం. చేను తేరుకుంది, కానీ పక్క చేనుని అందుకోలేదు.

మరుసటి ఏడు అదే మడిలో వరి కోశాక మూడు పట్టీలు వేశాం. ఒకటి ఏమీ పట్టించనిది, ఒకటి మేమే ఇసుకలో శనగ మీద పరీక్షించిన స్ట్రెయిన్ పట్టించినది, మూడోది కల్చర్ లేకుండా యూరియా దఫాలుగా వేసినది. ఈ మూడో పట్టీని విద్యార్థులు తరచూ వదిలేస్తారు. అది లేకపోతే కల్చర్ పట్టీలో తేడా రానప్పుడు బ్యాక్టీరియా పని చేయలేదో, అసలు చేనుకి నత్రజనే అక్కర్లేదో చెప్పలేం. ముందు విత్తింది ఏమీ పట్టించని పట్టీ, కల్చర్ పట్టీ చివర్లో. గొర్రుకీ చేతులకీ అంటిన పొడి చాలు, పోలిక పాడవడానికి.

నలభై ఐదు రోజులకి కల్చర్ పట్టీలో మొక్కకి పదిహేను నుంచి ఇరవై బుడిపెలు, దాదాపు అన్నీ తల్లివేరు పై భాగంలో గుత్తిగా, లోపల ఎరుపు. పట్టించని పట్టీ కిందటేడు లాగే ఉంది. కాయ కట్టే దశలో చదరపు మీటరు చొప్పున కోసి ఎండబెట్టి జెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచాం. పట్టించని పట్టీలో 180 గ్రాముల ఎండు బరువు, 1.6 శాతం నత్రజని, అంటే 2.9 గ్రాములు. కల్చర్ పట్టీలో 230 గ్రాములు, 2.6 శాతం, అంటే 6 గ్రాములు. తేడా 3.1 గ్రాములు, హెక్టారుకి 31 కిలోలు, ఎకరానికి పన్నెండున్నర కిలోలు. యూరియా లెక్కలో 27 కిలోలు. పట్టించని పట్టీకి దాదాపు బుడిపెలే లేవు కాబట్టి దాన్ని పోలికగా వాడుకోగలిగాం, మామూలు చేలో ఈ తేడా పద్ధతి ఇంత తేలిగ్గా కుదరదు. ఇందులో రెండు లోపాలున్నాయి. వేళ్లలో ఉన్న నత్రజని లెక్కలోకి రాలేదు. బలంగా పెరిగిన మొక్క వేళ్లు ఎక్కువ దూరం పాకి నేల నుంచే కాస్త ఎక్కువ లాక్కుని ఉండొచ్చు. అసలైన వాటా తేల్చాలంటే నత్రజని-15 ఐసోటోప్ పద్ధతికి వెళ్లాలి, ఈ కేసులో మేం వెళ్లలేదు.

ఆ తర్వాతి ఖరీఫ్‌లో రైతు మళ్లీ వరే వేశాడు. కోత కాగానే కల్చర్ పట్టీ ఉన్న చోట నుంచి మట్టి తెచ్చి అదే ట్యూబుల పరీక్ష చేశాం. 10⁻¹ లో మూడింటికి మూడు, 10⁻² లో ఒకటి, ఆపైన లేవు. గ్రాముకి 43. మొదటి ఏడు కన్నా పది రెట్లు నయం, కానీ వందకి లోపు ఉంటే కల్చర్ పట్టించమనే నేను చెప్తాను. రైతుకి అదే చెప్పాను. ఈసారి ఆయన కొత్త పాకెట్ విప్పకుండా ముందు నా దగ్గరికి తెచ్చి, పంట పేరు రాసిన చోట వేలు పెట్టి చూపించాడు. శనగ అని ఉంది. అయినా ఒక పాకెట్ తీసుకుని బ్రోమోథైమాల్ ప్లేటు మీద గీశాం. ఐదో రోజుకి పసుపు బారింది, ఆరో రోజు ఆయన విత్తాడు.